సీబీపీ రిపోర్టు చదువుదాం – 3వ పాఠం: హిమోగ్లోబిన్ తక్కువ, ఫెర్రిటిన్ నార్మల్

గత పాఠంలో ఎర్ర కణాల వరుసలు ఒక్కొక్కటిగా చూశాం. ఈరోజు అందులో నాలుగే కావాలి, కాబట్టి రిపోర్టు మీద పెన్సిల్‌తో ఆ నాలుగింటికీ సున్నా చుట్టండి. హిమోగ్లోబిన్ మొదటిది. మగవాళ్ళలో 13, ఆడవాళ్ళలో 12, గర్భిణుల్లో 11 గ్రాముల కంటే తగ్గితే రక్తహీనత అంటారు. రెండోది ఆర్‌బీసీ కౌంట్, అంటే ఎర్ర కణాలు ఎన్ని ఉన్నాయన్న లెక్క, మిలియన్లలో ఇస్తారు. మూడోది ఎంసీవీ. ఒక్కో కణం సగటున ఎంత పెద్దదో అది చెబుతుంది. 80 నుంచి 100 మధ్య ఉండాలి. నాలుగోది ఆర్‌డీడబ్ల్యూ. కణాలన్నీ ఒకే సైజులో ఉన్నాయా, చిన్నా పెద్దా కలిసి ఉన్నాయా అన్నది దీనివల్ల తెలుస్తుంది. సుమారు 14.5 దాటితే సైజుల్లో తేడాలు ఎక్కువని అర్థం.

ఫెర్రిటిన్ సీబీపీలో రాదు, విడిగా రాయించుకోవాలి. ఒంట్లో ఐరన్ దాచుకునే గోదాములో సరుకు ఎంతుందో అది చూపిస్తుంది. మన ఇళ్ళల్లో "రక్తం తక్కువుంది" అనగానే ఐరన్ మాత్రలు మొదలుపెట్టేస్తాం. చాలాసార్లు అది సరైన పనే, ఎందుకంటే రక్తహీనతకు ఎక్కువగా కనిపించే కారణం ఐరన్ లోపమే. కానీ గోదాములో సరుకుండగానే హిమోగ్లోబిన్ తగ్గితే? అక్కడ ఆగి ఆలోచించాలి.

మొదట చూడాల్సింది ఎంసీవీ. అది 100 దాటితే దృష్టి బీ12, ఫోలిక్ యాసిడ్, థైరాయిడ్, లివర్ వైపు పోతుంది. 80–100 మధ్య ఉంటే కిడ్నీ జబ్బు, ఇన్‌ఫ్లమేషన్ అనే లోపలి వాపుతో ఉండే దీర్ఘకాలపు జబ్బులు, ఈమధ్య జరిగిన రక్తస్రావం లాంటివి ముందుకొస్తాయి. ఒక చిన్న జాగ్రత్త: ఐరన్, బీ12 రెండూ తక్కువైన మనిషిలో చిన్న కణాలూ పెద్ద కణాలూ కలిసిపోయి సగటు నార్మల్‌గా కనిపిస్తుంది. అప్పుడు ఆర్‌డీడబ్ల్యూ ఎక్కువగా ఉండి ఆ గుట్టు బయటపెడుతుంది.

ఎంసీవీ 80 కంటే తక్కువ, ఫెర్రిటిన్ మాత్రం నార్మల్ అని వచ్చిన రిపోర్టులోనే అసలు చిక్కుంది. ఈ పాఠం దాని గురించే.

తెనాలి దగ్గర ఊరి అమ్మాయి అనుకుందాం, వయసు 26. పెళ్ళయి ఏడాది, పిల్లల కోసం చూస్తున్నారు. హిమోగ్లోబిన్ 10.8. కాలేజీ రోజుల నుంచీ అంతే, ఎన్ని మాత్రలు మింగినా 11 దాటలేదు. ఆర్‌బీసీ 5.7 మిలియన్లు, ఎంసీవీ 62, ఆర్‌డీడబ్ల్యూ 14.4, ఫెర్రిటిన్ 64.

ఇక్కడ కంటికి గుచ్చుకోవాల్సింది 5.7. ఆడవాళ్ళలో ఆ కౌంట్ మామూలుగా 5 లోపే ఉంటుంది. ఐరన్ లేకపోతే ఎముక మజ్జ కణాలను చిన్నగా చేయడమే కాదు, తక్కువగా కూడా చేస్తుంది. ఈ అమ్మాయికి కణాలు చాలా చిన్నవి, కానీ సంఖ్య ఎక్కువ. సైజులు కూడా దాదాపు ఒకేలా ఉన్నాయి. ఇప్పుడు ఎంసీవీని ఆర్‌బీసీతో భాగించండి: 62 ÷ 5.7 = 10.9. దీన్ని మెంట్జర్ ఇండెక్స్ అంటారు. 13 కంటే తక్కువ వస్తే తలసీమియా ట్రెయిట్ వైపు, ఎక్కువ వస్తే ఐరన్ లోపం వైపు మొగ్గుతుంది. ఇది సూచన మాత్రమే, రోగనిర్ధారణ కాదు. రెండూ ఉన్న మనిషిలో ఈ లెక్క తప్పుతుంది.

నిర్ధారణకు హెచ్‌పీఎల్‌సీ అనే పరీక్ష ఉంది. హిమోగ్లోబిన్‌లో ఏ రకం ఎంత శాతమో అది చెబుతుంది. ఆమెకు హిమోగ్లోబిన్ ఏ2 5.4 శాతం వచ్చింది. 3.5 దాటితే బీటా తలసీమియా ట్రెయిట్ అని చెప్పవచ్చు. అంటే హిమోగ్లోబిన్‌లోని ఒక ప్రోటీన్ గొలుసును తయారుచేసే జన్యువు అమ్మానాన్నల్లో ఒకరి వైపు నుంచి సరిగా లేదు. ఐరన్ ఉన్నా గొలుసు చాలక కణం చిన్నదవుతుంది. ట్రెయిట్ ఉన్నవాళ్ళు మామూలుగానే బతుకుతారు. ఐరన్ లోపం విడిగా రుజువైతే తప్ప ఐరన్ మాత్రలు అవసరం లేదు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ఐరన్ బాగా తక్కువగా ఉన్నప్పుడు ఏ2 శాతం కాస్త పడిపోయి ట్రెయిట్ దాక్కోవచ్చు. అందుకే ఫెర్రిటిన్ చూడకుండా హెచ్‌పీఎల్‌సీ నార్మల్ అని ఊపిరి పీల్చుకోకూడదు. ఆల్ఫా తలసీమియాలో అయితే ఏ2 పెరగదు, దానికి జన్యు పరీక్షే దారి.

ఈ అమ్మాయి విషయంలో రిపోర్టు అక్కడితో ఆగదు. భర్త కూడా సీబీపీ, హెచ్‌పీఎల్‌సీ చేయించుకోవాలి. ఇద్దరికీ ట్రెయిట్ ఉంటే ప్రతి గర్భంలోనూ బిడ్డకు తలసీమియా మేజర్ వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. అలాంటి బిడ్డకు జీవితమంతా రక్తం ఎక్కించాల్సి వస్తుంది. గర్భం తొలి నెలల్లోనే బిడ్డకు పరీక్ష చేసే వీలుంది, కాబట్టి ఈ సంగతి ముందే తెలియాలి. మేనరికాలు ఉన్న కుటుంబాల్లో ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే అదే జన్యువు ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం పెరుగుతుంది.

ఇప్పుడు రెండో దారి. 45 ఏళ్ళ ఆమెకు నాలుగేళ్ళుగా కీళ్ళవాతం, రోజూ నొప్పి మాత్రలు. హిమోగ్లోబిన్ 9.6, ఆర్‌బీసీ 4.0, ఎంసీవీ 76, ఆర్‌డీడబ్ల్యూ 17.2, ఫెర్రిటిన్ 62. ఆమె ఫెర్రిటిన్ దాదాపు మొదటి అమ్మాయిదే. కానీ 76 ÷ 4.0 = 19. పైగా కణాల సైజులు చెల్లాచెదురుగా ఉన్నాయి.

ఒంట్లో వాపు, ఇన్‌ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెర్రిటిన్ దానంతట అదే పెరుగుతుంది. అదే సమయంలో లివర్ హెప్సిడిన్ అనే హార్మోన్‌ను ఎక్కువగా విడుదల చేస్తుంది, అది గోదాముకు తాళం వేసినట్టు ఐరన్‌ను బయటికి రానివ్వదు. కాబట్టి 62 అన్న అంకె పైకి కనిపించినంత నిండుగా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళలో 15 కంటే తక్కువైతే ఐరన్ లోపం అంటుంది, వాపు ఉన్నవాళ్ళలో మాత్రం 70 కంటే తక్కువైనా లోపంగానే చూడమంటుంది. ల్యాబ్ కాగితం మీద ఈ తేడా ఉండదు. వాళ్ళు అందరికీ ఒకే హద్దు ముద్రిస్తారు, 62 పక్కన ఏ గుర్తూ పడదు.

ఆమెకు సీఆర్‌పీ 38 వచ్చింది, అంటే వాపు ఉంది. ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ 9 శాతం. రక్తంలో ఐరన్ మోసే బండ్లలో ఎన్ని నిండి నడుస్తున్నాయో చెప్పే లెక్క ఇది, 20 లోపు ఉంటే మజ్జకు సరుకు అందడం లేదన్నమాట. వాపు ఉన్నప్పుడు ఈ ఒక్క అంకెతో తేల్చలేం, అది వాపువల్ల కూడా పడుతుంది. కానీ ఫెర్రిటిన్ 70 లోపు, శాచురేషన్ 9 రెండూ కలిస్తే నిజమైన ఐరన్ లోపం కూడా ఉందనే చెప్పాలి. పరీక్షకు ఉదయం పరగడుపున, ఆ రోజు ఐరన్ మాత్ర వేసుకోకముందే రక్తం ఇవ్వాలి, లేకపోతే అంకె పెరిగి మోసం చేస్తుంది.

ఆ తర్వాత ప్రశ్న: ఐరన్ ఎటు పోయింది? నొప్పి మాత్రలవల్ల కడుపులో పుండు పడి కొద్దికొద్దిగా రక్తం కారుతుండవచ్చు. నెలసరి ఎక్కువగా అవుతుండవచ్చు. మలం నల్లగా తారులా వస్తున్నా, నడిస్తే ఆయాసం వస్తున్నా, హిమోగ్లోబిన్ 7 కంటే దిగినా పాఠాలు పక్కనపెట్టి అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

వచ్చే పాఠం లోపు ఈ అంకెలతో కుస్తీ పట్టండి. 58 ఏళ్ళ మనిషి, పదిహేనేళ్ళుగా షుగర్. హిమోగ్లోబిన్ 10.6, ఆర్‌బీసీ 3.6, ఎంసీవీ 88, ఆర్‌డీడబ్ల్యూ 13.8, ఫెర్రిటిన్ 140. ఇక్కడ మెంట్జర్ లెక్క ఎందుకు వేయకూడదు, డాక్టర్ ముందుగా ఏ అవయవం పరీక్ష అడుగుతారు? 4వ పాఠం ఈయన రిపోర్టుతోనే మొదలవుతుంది.