జ్యూరీ ముందు మీ డిజైన్ ఎలా చెప్పాలి? పెద జాలారిపేట సైటుతో ఒక ఉదాహరణ

ఆర్కిటెక్చర్ కాలేజీ జ్యూరీలో మీ డిజైన్‌ని చూసి ప్రశ్నలడగడానికి కూర్చున్నవాళ్ళు మీ షీట్లను అప్పుడే మొదటిసారి చూస్తారు. సెమిస్టరంతా ఆ ప్లాన్‌తోనే గడిపారు కాబట్టి మీకు అందులో ప్రతి గీత తెలుసు, వాళ్ళకేమో ఉత్తరం ఎటుందో కూడా ఇంకా తెలీదు. చాలామంది గేటు దగ్గర మొదలుపెట్టి "ఇది ఆఫీసు, ఇది స్టోర్, ఇవి టాయిలెట్లు" అంటూ గదులన్నీ తిప్పి చూపిస్తారు. ఇచ్చిన పది నిమిషాలు దానికే అయిపోతాయి, ఈ గది ఇక్కడే ఎందుకుంది అన్న మాట మాత్రం ఎక్కడా రాదు. గదుల పేర్లు ప్లాన్‌లో రాసే ఉంటాయి, వాళ్ళు చదువుకుంటారు. మీ నోటి నుంచి వాళ్ళు వినాల్సింది ఆ 'ఎందుకు' ఒక్కటే.

అది ఎలా చెప్పాలో ఒకే ప్రాజెక్టు పట్టుకుని చివరిదాకా చూద్దాం. విశాఖలో పెద జాలారిపేట దగ్గర, ఎండుచేపలు అమ్ముకునే ఆడవాళ్ళ కోసం ఒక సెంటర్. చేపలు ఎండబెట్టే చోటు, నిల్వ గది, కూర్చుని మాట్లాడుకునే హాలు, పిల్లల గది కావాలి. ప్లాటు, దాని కొలతలు, గదులు ఉదాహరణ కోసం నేను అనుకున్నవి. గాలి, ఎండ, తీరం దిశ మాత్రం నిజంగా విశాఖవే.

1. కాన్సెప్టును ఒక్క వాక్యంలో రాసుకోండి

సముద్రం పక్కన సైటు ఇవ్వగానే చాలామందికి 'అల' గుర్తొస్తుంది. కప్పు అలలా వంపు తిరుగుతుంది, కాంపౌండు గోడ కూడా అలలా తిరుగుతుంది. దాని మీద వచ్చే మొదటి ప్రశ్న కూడా తెలిసిందే: "ఇదే కప్పు భీమిలిలో రిసార్టుకి పెట్టినా సరిపోతుంది కదమ్మా?" ఈ ప్రశ్నకి జవాబు లేదంటే అది ఆ భవనానికి కాన్సెప్టు కాదు, కప్పుకి ఆకారం మాత్రమే. ఇంట్లో కూర్చుని మీకు మీరే ఈ పరీక్ష పెట్టుకోండి. మీ వాక్యాన్ని తీసుకెళ్ళి ఇంకో సైటులో, ఇంకో రకం భవనానికి అంటించి చూడండి. చక్కగా అతికిందంటే తిరగరాయాలి.

మన సెంటర్‌కి ఇలా రాయొచ్చు: "ఇక్కడ గాలి మీద మొదటి హక్కు ఎండే చేపలది, మనుషుల గదులు ఆ గాలికి అడ్డం రాకుండా పక్కకి జరుగుతాయి." ఇందులో గొప్ప పదాలేమీ లేవు. కానీ ఎండబెట్టే చోటు ఎక్కడుండాలి, గదులు ఎంత ఎత్తుండొచ్చు, కిటికీలు ఎటు తెరవాలి అన్న మూడింటికీ ఈ వాక్యం నుంచే జవాబు లాగొచ్చు. జ్యూరీలో మొదటి మాటగా ఇదే చెప్పండి. మొదటి షీటు మీద, రెండు మీటర్ల దూరం నుంచి చదివేంత అక్షరాలతో రాసి పెట్టండి, ఎందుకంటే మీరు మాట్లాడుతుండగా వాళ్ళు మళ్ళీ మళ్ళీ దాని వైపే చూస్తారు.

2. సైటు గురించి చెప్పే ప్రతి సంగతికీ ఒక గీత చూపించండి

సైట్ ఎనాలిసిస్ షీటు మీద సూర్యుడు, గాలి, చెట్లు, రోడ్డు, శబ్దం అన్నీ రంగురంగుల బాణాలతో ఉంటాయి, తర్వాతి షీటులో ఉన్న ప్లాన్‌కీ వాటికీ సంబంధం కనపడదు. జ్యూరీకి చిరాకు వచ్చేది ఇక్కడే. ప్లాన్‌ని మార్చని సంగతిని నోటితో చెప్పకండి, అది షీటు మీద ఉంటే చాలు. మార్చినవి రెండో మూడో ఉంటాయి, ఉన్న టైమంతా వాటికే ఇవ్వండి.

గాలినే తీసుకుందాం. విశాఖ తీరం ఉత్తర దక్షిణాలుగా నిటారుగా ఉండదు, నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా పోతుంది. అంటే సముద్రం మనకి ఆగ్నేయంగా ఉంది. వేసవిలోనూ వానాకాలంలోనూ ఎక్కువగా వీచేది నైరుతి గాలి. రెండూ కలిపి చూస్తే ఆ గాలి తీరం వెంబడే పోతుందని తెలుస్తుంది. సముద్రం వైపు పెద్ద కిటికీ పెట్టేసి "సీ బ్రీజ్ వస్తుంది సార్" అని చెప్పే వాళ్ళు ఇక్కడే దొరికిపోతారు. మధ్యాహ్నం సముద్రం నుంచి గాలి వచ్చే మాట నిజమే, కానీ ఏడాదిలో ఎక్కువ నెలలు బలంగా వీచేదాన్ని పట్టాలంటే తెరుచుకోవాల్సింది నైరుతి వైపు. నవంబరు, డిసెంబరుల్లో ఇది తిరగబడి ఈశాన్యం నుంచి వస్తుంది.

ఈ మాట జ్యూరీలో ఎలా చెప్పాలంటే, ముందు తీరం గీత మీద వేలు పెట్టండి, తర్వాత గాలి బాణం మీద, అక్కడి నుంచి వేలు తీయకుండా ప్లాన్‌లో ఎండబెట్టే చోటు మీదకి రండి. "నైరుతి గాలి తీరం వెంబడి వస్తుంది. చేపల వాసన దానితో పాటే ఈశాన్యానికి పోతుంది. ఇళ్ళు వాయవ్యంలో ఉన్నాయి. అందుకే ఎండబెట్టే చోటు ప్లాటుకి ఈశాన్యం చివర పెట్టాను, హాలు నైరుతి చివర పెట్టాను." అంతే. నాలుగు వాక్యాల్లో సైటు నుంచి ప్లాన్‌లోకి వచ్చేశారు.

ఎండ సంగతీ అంతే. ఎక్కడినుంచో తెచ్చిన సన్ పాత్ బొమ్మ అంటిస్తే తెలిసిపోతుంది. విశాఖ దాదాపు 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది కాబట్టి జూన్ 21న మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తి దాటి కొంచెం ఉత్తరానికే ఉంటాడు. ఆ ఎండని చిన్న చూరు ఆపేస్తుంది. ఆపలేనిది వేసవి సాయంత్రం వాయవ్య గోడకి పక్కగా తగిలే ఎండ. మన ప్లాటులో పొడుగు గోడ అదే కాబట్టి అక్కడ వసారా వచ్చింది. ఈ ఒక్క మాట చెప్పి ముందుకెళ్ళిపోండి.

3. వదిలేసిన డిజైన్లను తప్పకుండా చూపించండి

ఎక్కువమంది తడబడేది ఇక్కడ. కొందరు పాత స్కెచ్‌లు దాచేసి ఫైనల్ రెండర్లు మాత్రమే పెడతారు. ఇంకొందరు "మొదట ఇది చేశాను, తర్వాత గైడ్ మార్చమన్నారు, తర్వాత ఇది చేశాను" అని తేదీల వరుసలో చెప్పుకుపోతారు. గైడ్ మార్చమన్నారు అనేది కారణం కాదు, ఆయనకి అక్కడ ఏం కనపడిందో అది కారణం. ప్రతి ఐటరేషన్‌కీ, అంటే మార్చి మార్చి చేసిన ప్రతి డిజైన్‌కీ, మూడే మాటలు చెప్పండి: దేనికోసం చేశాను, ఎక్కడ చెడింది, అది చెడిందని ఎలా తెలిసింది. మూడో మాట ఉంటేనే జ్యూరీ నమ్ముతుంది.

ప్లాటు తీరం వెంబడి 60 మీటర్లు, లోపలికి 30 మీటర్లు అనుకోండి. మొదటి ఐటరేషన్‌లో నాలుగు వైపులా గదులు, మధ్యలో చేపలు ఎండబెట్టే పెద్ద వాకిలి. ఆడవాళ్ళు ఎటు కూర్చున్నా చేపల మీద కన్ను ఉంటుంది, కాకులు వాలినా కుక్కలు వచ్చినా కనపడుతుంది. ఆలోచన మంచిదే. చెడిందెక్కడంటే, చుట్టూ నాలుగు మీటర్ల గోడలు లేస్తే గాలి కప్పుల మీదుగా దాటిపోతుంది, వాకిట్లోకి దిగేది తక్కువ. ఎలా తెలిసిందంటే, ఫోమ్ మోడల్‌ని టేబుల్ మీద పెట్టి, నైరుతి వైపు నుంచి ఫ్యాను తక్కువ స్పీడులో తిప్పి, వాకిట్లో అగరబత్తి వెలిగించి చూస్తే పొగ అక్కడక్కడే సుడి తిరిగింది. ఈ పరీక్షతో గాలి వేగం తెలీదు, గాలి ఎటు పోతోంది, ఎక్కడ ఆగిపోతోంది అన్నది మాత్రం తెలుస్తుంది. ఆ పరిమితి కూడా మీరే చెప్పేయండి. ఆ పొగని ఫోటో తీసి షీటు మీద పెట్టండి, ఎంత మంచి రెండర్ అయినా ఈ ఒక్క ఫోటో చేసే పని చేయలేదు.

రెండో దాంట్లో గదులన్నీ ఇళ్ళ వైపు ఒకే బారుగా పెట్టి, ముందంతా ఎండబెట్టడానికి వదిలేశారు. గాలి బాగా ఆడింది. కానీ పేటలోంచి ఒడ్డుకి వెళ్ళే సందుల్ని ఎర్ర పెన్నుతో ప్లాన్ మీదుగా పొడిగించి చూస్తే ఒక సందు నేరుగా వచ్చి బారు మధ్యలో గుద్దుకుంది. తెల్లారుజామున తట్టలతో వెళ్ళేవాళ్ళంతా చుట్టూ తిరిగి రావాలి. పైగా మధ్యాహ్నం సముద్రం గాలి వీచినప్పుడు వాసన మొత్తం హాల్లోకే.

మూడో దాంట్లో ఆ సందు గీత మీదే బారుని రెండుగా విరిచి, 5 మీటర్ల దారి వదిలారు. ఎండబెట్టే చోటు ఈశాన్యం చివరికి జరిగింది, దానికీ హాలుకీ మధ్య నిల్వ గది వచ్చింది. ఇప్పుడు పోయిందేమిటో కూడా చెప్పాలి. ఎండబెట్టే స్థలం తగ్గింది. నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్య గాలికి వాసన హాలు వైపే వస్తుంది. అందుకని నిల్వ గదికి ఆ వైపు గోడలో కిటికీ పెట్టలేదు. దాంతో వాసన తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఇది మీరు ముందే అనేస్తే జ్యూరీ దాన్ని తప్పుగా పట్టుకోదు, మీతో కలిసి ఆలోచించడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత నడిచే మాటలు వేరేగా ఉంటాయి.

మూడు మోడళ్ళూ ఒకే స్కేల్లో, ఒకే దిక్కుకి తిప్పి, పక్కపక్కన పెట్టండి. దిక్కు మారిందంటే పోల్చుకోవడం కుదరదు.

4. ప్రశ్నలకి గీసి జవాబివ్వండి

ఈ సైటుకి రెండు ప్రశ్నలు ఖాయం. ఒకటి సీఆర్‌జెడ్, అంటే తీరం దగ్గర కట్టడాలకి ఉన్న నియమాలు. అప్పటికే అభివృద్ధి అయిన నగర తీరంలో, ఉన్న రోడ్డుకి లేదా అనుమతి ఉన్న కట్టడానికి నేల వైపునే కొత్త భవనం కట్టాలి. మీ ప్లాటు ఆ గీతకి ఎటు ఉందో సైట్ ప్లాన్‌లో గీసి ఉంచితే ఈ ప్రశ్న అర నిమిషంలో అయిపోతుంది, గీయకపోతే జ్యూరీ అంతా దాని మీదే నడుస్తుంది.

రెండోది తుపాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది విశాఖ దగ్గరే. భవనాల మీద గాలి భారం ఎంతో చెప్పే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకి ప్రాథమిక గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. "రెండు మీటర్లు బయటికొచ్చిన చూరు కింద గాలి దూరితే ఏమవుతుంది?" అని అడుగుతారు. "స్ట్రక్చరల్ ఇంజినీర్ చూసుకుంటారు" అనకండి. సెక్షన్ మీద బటర్ పేపర్ పరిచి, కింది నుంచి పైకెత్తే గాలి బాణం గీసి, చూరుని 90 సెంటీమీటర్లకి తగ్గించి, మిగతా నీడ విడిగా నిలబడే వసారా ఇస్తుందని, అది ఎగిరినా అసలు కప్పు నిలుస్తుందని అక్కడే గీసి చూపించండి.

ప్రశ్న అర్థం కాకపోతే "సార్, మీరు అడిగేది ఈ గోడ గురించేనా?" అని షీటు మీద చూపిస్తూ అడగండి, అందులో తప్పేం లేదు. మీరు నిలబడి మాట్లాడుతూ రాసుకోలేరు కాబట్టి, ఒక ఫ్రెండ్‌ని పక్కన కూర్చోబెట్టి ఎవరు ఏ షీటు దగ్గర ఏం అన్నారో వాళ్ళ మాటల్లోనే రాయించుకోండి. నాలుగో ఐటరేషన్ ఆ కాగితంతోనే మొదలుపెట్టాలి.