స్పర్శరేఖల వాలు వెంట నడిచి అవకలన సమీకరణాన్ని సాధించడం ఎలా?

ఆయిలర్ 1768లో ప్రచురించిన పద్ధతి ఇది. సూత్రం ఒక్క వరుసే అయినా, దీన్ని పాడుచేసిన నోట్సులు చూసీ చూసీ విసుగొచ్చి రాస్తున్నాను.

గళ్ల కాగితం, పెన్సిలు, మామూలు క్యాలిక్యులేటర్ చాలు. మొదటిసారి కంప్యూటర్ వద్దు. స్ప్రెడ్‌షీట్‌లో ఒక గడి తప్పితే అన్ని వరుసలూ తప్పుతాయి, కంటికి మాత్రం ఏ తేడా కనిపించదు. నాలుగు దశాంశ స్థానాలకు తగ్గకుండా రాయండి.

ఉదాహరణకు y' = x + y, y(0) = 1 తీసుకుందాం. x = 1 దగ్గర y ఎంతో కావాలి. అడుగు పొడవు h = 0.2 అనుకుంటే ఐదు అడుగులు. ఉన్న బిందువు దగ్గర వాలు కనుక్కోవాలి, దాన్ని h తో గుణించాలి, వచ్చినదాన్ని y కి కలపాలి. ఆ తర్వాతే x ను 0.2 పెంచాలి.

మొదటి అడుగులో x = 0, y = 1 కాబట్టి వాలు 1; కొత్త y = 1 + 0.2 × 1 = 1.2. రెండో అడుగులో వాలు 0.2 + 1.2 = 1.4; కొత్త y = 1.2 + 0.28 = 1.48. మిగతావీ ఇంతే.

| x | y | వాలు | కచ్చితమైన y |
|---|---|---|---|
| 0 | 1 | 1 | 1 |
| 0.2 | 1.2 | 1.4 | 1.2428 |
| 0.4 | 1.48 | 1.88 | 1.5836 |
| 0.6 | 1.856 | 2.456 | 2.0442 |
| 0.8 | 2.3472 | 3.1472 | 2.6511 |
| 1 | 2.9766 | – | 3.4366 |

చివరి నిలువు వరుస y = 2e^x − x − 1 నుంచి వచ్చింది. సమాకలన గుణకంతో రెండు నిమిషాల్లో తేలే సాధన అది.

అసలు చిక్కు వాలు దగ్గర ఉంది. వాలుకు కావలసిన x, y రెండూ పాత బిందువువే కావాలి. చాలామంది ముందు x ను పెంచేసి, కొత్త x తో, పాత y తో వాలు కడతారు. అప్పుడు మొదటి వాలు 1.2 అవుతుంది, y 1.24 వస్తుంది. ఇక్కడే మోసపోతారు: అసలు విలువ 1.2428 కదా, తప్పు లెక్క దానికి మరింత దగ్గరగా ఉంది! చివరి దాకా అలాగే చేస్తే x = 1 దగ్గర 3.2743 వస్తుంది. సరైన పద్ధతి ఇచ్చిన 2.9766 కంటే అదే మేలుగా కనిపిస్తుంది. అది ఈ సమీకరణం చలవే తప్ప లెక్క గొప్పతనం కాదు. x పెరిగేకొద్దీ వాలు పెరుగుతోంది కాబట్టి ముందుకు జరిపిన x ఇక్కడ అనుకోకుండా కలిసొచ్చింది. x తో పాటు వాలు తగ్గే సమీకరణంలో అదే తప్పు y ని కిందికి లాగుతుంది. కాబట్టి కచ్చితమైన జవాబుకు దగ్గరగా రావడం లెక్క సరైనదనడానికి రుజువు కాదు. మొదటి రెండు వరుసలను చేత్తో సరిచూసుకోవడమే రుజువు.

రెండో తప్పు ఇంకా నిశ్శబ్దంగా జరుగుతుంది. కచ్చితమైన విలువల వరుస పక్కనే ఉంటే, 0.2 దగ్గర వాలుకు 1.2 బదులు 1.2428 వాడేస్తారు. అలా చేస్తే తర్వాతి y 1.4886 అవుతుంది. ఈ పద్ధతికి కచ్చితమైన సాధన తెలియదు. తెలిస్తే దీని అవసరమే లేదు. మొదటి అడుగుతోనే మనం అసలు వక్రం వదిలి (0.2, 1.2) గుండా పోయే మరో సాధన వక్రం మీదికి చేరుకున్నాం. తర్వాతి వాలు ఆ వక్రానిదే కావాలి. అందుకే ఐదు అడుగులూ పూర్తయ్యాకే చివరి నిలువు వరుస నింపాలి. ఇందులో మినహాయింపు లేదు.

ఇక పోల్చడం. x = 1 దగ్గర దోషం 0.4599. మొదటి వరుస తప్ప మన y ప్రతి వరుసలోనూ తక్కువే ఉంది, ఎందుకంటే ఈ వక్రం పైకి వంగుతుంది, స్పర్శరేఖ దాని కిందే ఉండిపోతుంది. మీకు ఎక్కువ వస్తే ఎక్కడో కూడిక తప్పినట్టే. ఒక్క దోషాన్ని చూసి పద్ధతిని మెచ్చుకోవడమో తిట్టడమో నాకు నచ్చదు. అడుగును సగం చేసి మళ్లీ చూడాలి. h = 0.1 తో 3.1875 వస్తుంది, దోషం 0.2491. h = 0.05 తో 3.3066, దోషం 0.1300. అడుగు సగమైతే దోషమూ ఇంచుమించు సగమవుతోంది: మొదట 1.85 రెట్లు, తర్వాత 1.92 రెట్లు తగ్గింది. h చిన్నదయ్యేకొద్దీ ఈ నిష్పత్తి 2కు చేరువవుతుంది. రంగె–కుట్టా పద్ధతి నాలుగు వాలులతో ఇంతకంటే ఎంతో దగ్గరి జవాబు ఇస్తుందని ఎవరైనా అంటే నిజమే. కానీ దోషం ఎలా పోగవుతుందో ఇంత తేటగా అందులో కనిపించదు, అందుకే ముందు దీన్నే నేర్చుకోమంటాను.

ఈ సగం పరీక్షకూ ఒక హద్దు ఉంది. x ను ముందే పెంచేసిన తప్పు లెక్కలో కూడా దోషం ఇలాగే సగమవుతూ పోతుంది. మొదటి వరుసల తనిఖీని దీనితో భర్తీ చేయలేరు.