పింఛను లెక్క – 4వ భాగం: రెండు వరసలు, ఒకే తేదీ

కిందటి రెండు భాగాల్లో రెండు గుణకాలు తయారు చేసుకున్నాం. ఏటా ఒకే మొత్తం వేస్తూ పోతే చివరికి ఎంత పోగవుతుందో చెప్పేది పోగు గుణకం. ఏటా ఒకే మొత్తం తీసుకుంటూ పోవాలంటే ముందుగా ఎంత ఉండాలో చెప్పేది పింఛను గుణకం. 7 శాతం వడ్డీకి, 15 ఏళ్లకు మొదటిది 25.129, రెండోది 9.1079. ఈ రెంటినీ కలిపితే డిఫర్డ్ యాన్యుటీ, అంటే కొన్నేళ్లు వేసి, కొన్నేళ్లు ఆగి, ఆ తర్వాత తీసుకునే పింఛను. చాలామంది తప్పు చేసేది గుణకాల దగ్గర కాదు, తేదీల దగ్గర. అందుకే ఈ భాగమంతా తేదీల మీదే.

ఆచంట వైపు ఒక వరి రైతును తీసుకుందాం. సార్వా ధాన్యం డబ్బులు చేతికొచ్చాక ప్రతి సంక్రాంతికీ 30,000 వేయగలడు. 2026 సంక్రాంతికి మొదలుపెట్టి 2040 సంక్రాంతికి ఆపేస్తాడు. తర్వాత అయిదేళ్ల పాటు వేసేదీ లేదు, తీసేదీ లేదు. 2046 సంక్రాంతికి మొదటి పింఛను, 2060 సంక్రాంతికి చివరిది. వడ్డీ మొదటి నుంచి చివరి దాకా 7 శాతమే అనుకుందాం. ఏటా పింఛను ఎంత వస్తుంది?

ముందు వాయిదాలు లెక్కపెట్టండి. 2040లోంచి 2026 తీసేస్తే 14 వస్తుంది కానీ వాయిదాలు 15. మొదటి సంక్రాంతి కూడా లెక్కలోకి వస్తుంది కదా. పింఛన్లూ అలాగే 15. ఈ ఒక్కటి వేళ్ల మీద లెక్కపెట్టుకున్నా నామోషీ లేదు.

2026లో వేసిన రూపాయి, 2046లో తీసుకునే రూపాయి ఒకటి కావు. నేరుగా ఒకదాంతో ఒకటి పోల్చలేం. రెండు వరసలనూ ఏదో ఒక తేదీకి తీసుకొచ్చి, అక్కడ వేసినదాని విలువ, తీసుకునేదాని విలువ సమానం చేయాలి. ఆ తేదీ ఏదైనా పింఛను ఒకటే వస్తుంది. కానీ కొన్ని తేదీల దగ్గర పని తేలిక. అది ఏదో తెలియాలంటే గుణకాలు ఏ తేదీ మీద నిలబడతాయో తెలియాలి.

పోగు గుణకం చివరి వాయిదా వేసిన రోజు మీద నిలబడుతుంది. 2026 నాటి 30,000కి 14 ఏళ్ల వడ్డీ వస్తే, 2040 నాటి 30,000కి ఒక్క రోజు వడ్డీ కూడా రాదు. కాబట్టి 30,000ని 25.129తో గుణిస్తే వచ్చే 7,53,871 రూపాయలు 2040 సంక్రాంతి నాటివి.

పింఛను గుణకం సంగతి వేరు. అది మొదటి పింఛను రోజు మీద కాకుండా, అంతకు సరిగ్గా ఏడాది ముందు నిలబడుతుంది. మొదటి పింఛనును ఒక ఏడాది వెనక్కి, రెండోదాన్ని రెండేళ్లు వెనక్కి, ఇలా 15వ దాన్ని 15 ఏళ్లు వెనక్కి లాగి కూడితే వచ్చిందే 9.1079. మన రైతుకు మొదటి పింఛను 2046లో. అంటే ఈ గుణకం నిలబడేది 2045 సంక్రాంతి మీద.

ఇక తేదీ ఎంచుకోవడం తేలికే. 2045 సంక్రాంతి. పింఛను వరస ఇప్పటికే అక్కడుంది. పోగైన డబ్బును మాత్రం 2040 నుంచి అక్కడికి, అయిదేళ్లు ముందుకు జరపాలి. 7,53,871ని 1.07 అయిదో ఘాతంతో, అంటే 1.40255తో గుణిస్తే 10,57,343. దీన్ని 9.1079తో భాగిస్తే 1,16,090. అదీ ఏటా వచ్చే పింఛను. నెలకు పంచుకుంటే 9,674 చొప్పున.

ఎక్సెల్‌లో చేసేవాళ్లు మూడు గడులు నింపితే చాలు:

```
A1: =FV(7%,15,-30000)
A2: =A1*1.07^5
A3: =PMT(7%,15,-A2)
```

ఇంత చెప్పినా ఒక ప్రశ్న వచ్చి తీరుతుంది: "మాస్టారూ, పింఛను మొదలయ్యేది 2046లో కదండీ, మరి డబ్బు 2046 దాకా జరపొద్దా?" అలా ఆరేళ్లు జరిపితే పింఛను 1,24,217 అని తేలుతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది. కానీ పోగైన డబ్బు 2046లో, పింఛను గుణకం 2045లో ఉండగా రెంటినీ సమానం చేసేశాం. ఒక ఏడాది వడ్డీని గాల్లోంచి పుట్టించినట్టే. నిజంగానే ఏటా 1,24,217 చొప్పున తీసుకుంటూ పోతే 2058 దాకా ఎవరికీ తేడా తెలియదు. 2059 సంక్రాంతికి ఖాతాలో సుమారు 49,450 మాత్రమే ఉంటుంది. 2060 సంక్రాంతికి ఏమీ ఉండదు. పదమూడేళ్లు బయటపడకుండా ఉండే తప్పు ఇది. 2046నే ఎంచుకోవాలని పట్టుదలగా ఉంటే ఎంచుకోండి, కానీ అప్పుడు పింఛను వరసను కూడా ఒక ఏడాది ముందుకు జరపాలి, 9.1079ని 1.07తో గుణించాలి. మళ్లీ 1,16,090కే వస్తారు.

ఈ లెక్కను గుణకాలే లేకుండా సరిచూసుకునే ఉపాయం ఒకటుంది. నాకు దీనిమీదే నమ్మకం ఎక్కువ. వాయిదాలు 15, పింఛన్లు 15. 2026 వాయిదాకు 2046 పింఛనును జత కట్టండి, 2027కి 2047ను, అలా 2040కి 2060 దాకా. ప్రతి జతకూ మధ్య 20 ఏళ్లు. అంటే ప్రతి 30,000 ఇరవై ఏళ్లు పెరిగి పింఛనుగా తిరిగొస్తోంది. 1.07 ఇరవయ్యో ఘాతం 3.86968. దాన్ని 30,000తో గుణిస్తే 1,16,090. అణా పైసలతో సరిపోయింది. తప్పు లెక్కలో ఈ 20 కాస్తా 21 అయి కూర్చుంటుంది, అక్కడే దొరికిపోతుంది. ఈ ఉపాయం వాయిదాలూ పింఛన్లూ ఒకే సంఖ్యలో ఉన్నప్పుడే పనికొస్తుందని మర్చిపోకండి.

జత కట్టడం వల్ల ఇంకో లాభం ఉంది. వడ్డీ 7కు బదులు 6 శాతమే వస్తే ఏమవుతుందో వెంటనే తెలిసిపోతుంది. 1.06 ఇరవయ్యో ఘాతం 3.2071 కాబట్టి పింఛను 96,214. ఒక్క శాతానికి ఏటా దాదాపు ఇరవై వేలు పోయాయి. ధరల సంగతి కూడా ఇలాగే. ఏటా 5 శాతం పెరిగితే 2046లో అందే 1,16,090తో కొనగలిగేది 2026లో 43,750 రూపాయలతో వచ్చేంత సరుకే. ఆ పింఛను చివరి దాకా అంతే ఉంటుంది కాబట్టి 2060కి ఇంకా తగ్గిపోతుంది.

ఇక్కడ పింఛను కచ్చితంగా 15 సార్లు వస్తుందనుకున్నాం. బీమా కంపెనీలు అమ్మే జీవితకాలపు పింఛనులో అలా ఉండదు, మనిషి ఎన్నాళ్లు బతుకుతాడన్న లెక్క కూడా కలుస్తుంది. వాళ్లిచ్చే అంకెను ఈ పద్ధతితో సరిచూడబోతే కుదరదు. దాని సంగతి 5వ భాగంలో.

ఈలోగా ఇది చేయండి. 2026 నుంచి 2035 దాకా ప్రతి సంక్రాంతికీ 50,000. మొదటి పింఛను 2039లో, మొత్తం 20 పింఛన్లు. వడ్డీ 7 శాతం. ఇక్కడ జతలు కుదరవు, గుణకాలే వాడాలి: పదేళ్ల పోగు గుణకం 13.8164, ఇరవై ఏళ్ల పింఛను గుణకం 10.5940. జవాబు 79,880 దగ్గర రావాలి. 85,470 చుట్టుపక్కల వస్తే డబ్బును మూడేళ్లకు బదులు నాలుగేళ్లు జరిపారన్నమాట. 74,660 దగ్గర వస్తే రెండేళ్లే జరిపారు.