పెద్దవాళ్ళ మలబద్ధకం: "విరేచనాలు పట్టుకున్నాయి" అనుకునే ముందు ఇది చూడండి

సమస్య: వారం పైగా మోషన్ లేదు. ఇప్పుడు నీళ్ళలా కొంచెం కొంచెంగా, తెలియకుండానే కారి చీర పాడవుతోంది.

ఇంట్లోవాళ్ళు మలబద్ధకం పోయి విరేచనాలు మొదలయ్యాయనుకుంటారు. మెడికల్ షాపులో విరేచనాలు ఆపే లోపెరమైడ్ తెచ్చి వేస్తారు. దాంతో అసలు జబ్బు ముదురుతుంది.

అసలు కారణం: మలద్వారం పైభాగంలో గట్టి మలం ముద్దకట్టి దారి మూసేసింది. దాని వెనక పలచగా ఉన్న మలం పక్కల సందుల్లోంచి కారుతోంది. ఎంత కారినా ముద్ద మాత్రం అక్కడే ఉంటుంది.

సోంపేట వైపు ఒక పల్లెలో 76 ఏళ్ళ అమ్మమ్మ సంగతి చెబుతాను. మోకాళ్ళ నొప్పులకు ట్రమడాల్, రక్తం తక్కువని ఐరన్ వాడుతోంది. ఈ రెండూ మలాన్ని బిగించే మందులే. మరుగుదొడ్డి పెరటి చివర ఉంది. రాత్రి లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచి నీళ్ళు ముట్టదు. మోషన్ రాక తొమ్మిది రోజులైంది, ఆ తర్వాత నీళ్ళు కారడం మొదలైంది. లోపెరమైడ్ వేశారు. రెండు రోజులకి పొట్ట ఉబ్బి, అన్నం సహించక, మూత్రం చుక్కలు చుక్కలుగా వస్తోంది. నిండిన పేగు మూత్రం దారిని నొక్కేస్తుంది కాబట్టి అలా అవుతుంది.

ఎలా తేల్చుకోవాలి: డాక్టరు గ్లవుజు వేసుకుని వేలితో చూస్తే ఒక్క నిమిషంలో తెలుస్తుంది. మొహమాటపడి ఈ పరీక్ష మానేసి స్కానింగుల వెంట పడతారు. ముందు వేలి పరీక్ష అడగండి. వేలికి ఏమీ తగలకపోయినా అనుమానం తీరకపోతే, ముద్ద ఇంకా పైన ఉందేమో ఎక్స్‌రేలో చూస్తారు.

పరిష్కారం: లోపెరమైడ్ వెంటనే ఆపాలి. ఇసబ్‌గోల్ కూడా ఇప్పుడు వద్దు. దారి మూసుకున్నప్పుడు పీచు వేస్తే ముద్ద ఇంకా పెరుగుతుంది. మలద్వారంలో పెట్టే గ్లిజరిన్ బిళ్ళతోనో ఎనిమాతోనో, అవసరమైతే డాక్టరు చేత్తోనో కింద దారి తెరవాలి. తర్వాత నోటి ద్వారా, మలాన్ని మెత్తబరిచే పాలీఇథిలిన్ గ్లైకాల్ పొడి ఇస్తారు. ముద్ద మొత్తం పోయేవరకు దాని మోతాదు డాక్టరే చెప్పాలి.

ఆ అమ్మమ్మకి కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ ఎక్కువగా ఉంది. సోంపేట ఉన్న ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో తెలుసు కాబట్టి, మన దగ్గర ఈ పరీక్ష లేకుండా ఏదిపడితే అది వాడకూడదు. కిడ్నీ బాగాలేనివాళ్ళకి ఫాస్ఫేట్ ఎనిమా, మిల్క్ ఆఫ్ మెగ్నీషియా ప్రమాదం. లిక్విడ్ పారఫిన్ కలిసిన సిరప్‌లు మింగడం కష్టమైనవాళ్ళకి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు.

మళ్ళీ రాకుండా: మందుల సంచి మొత్తం డాక్టరు ముందు బోర్లించండి. అందరూ వదిలేసే చెక్ ఇదే. ఆమెకి ట్రమడాల్ తీసి పారాసెటమాల్ ఇచ్చారు. రోజూ ఒక గ్లాసు నీళ్ళలో 17 గ్రాముల పాలీఇథిలిన్ గ్లైకాల్ కొనసాగించారు. అది పనిచేయడానికి ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. లాక్టులోజ్ కూడా మంచిదే, కాకపోతే గ్యాస్ వస్తుంది. ఇవి సరిపోని రోజు రాత్రి బిసాకొడిల్ లేదా సెన్నా వేస్తే పొద్దున్నకి పని అవుతుంది. "అలవాటు పడిపోతుంది" అన్న భయంతో ముసలివాళ్ళని బాధపడనివ్వకండి.

పీచు, ముద్ద మొత్తం పోయాకే, అదీ మెల్లగా పెంచాలి: చోడి అంబలి, తోటకూర, పనసపొట్టు కూర, జామకాయ. కిడ్నీ జబ్బు ఉంటే పొటాషియం వల్ల వీటిలో ఏవి తినవచ్చో డాక్టరుని అడగాలి. ఇసబ్‌గోల్ వేస్తే పెద్ద గ్లాసు నీళ్ళు తప్పనిసరి. నీళ్ళు రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్లు, ఎక్కువ భాగం సాయంత్రంలోపే తాగించండి. గుండె, కిడ్నీ జబ్బులవాళ్ళకి ఆ కొలత డాక్టరు చెప్పినంతే. పొద్దున టీ, టిఫిన్ అయ్యాక పేగు కదులుతుంది. ఆ అరగంటలో కమోడ్ మీద, కాళ్ళ కింద చిన్న పీట వేసి కూర్చోబెట్టండి.

మలబద్ధకానికి థైరాయిడ్ తగ్గడం, కాల్షియం ఎక్కువవడం లాంటి కారణాలు అరుదు. ఒక రక్తపరీక్షతో తేలిపోతాయి.

ఆగకూడని సందర్భాలు: మలంలో రక్తం, నల్లటి మలం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఐరన్ లోపం, ఈ వయసులో కొత్తగా మొదలైన మలబద్ధకం. ఐరన్ మాత్రల వల్ల కూడా మలం నల్లబడుతుంది, కానీ ఆ ధీమాతో వదిలేయకూడదు. పేగు క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి, దానికి కొలనోస్కోపీ కావాలా అని అడగాలి. ఆ అమ్మమ్మకి కూడా రక్తం ఎందుకు తగ్గిందో చూడమని రాసి ఇచ్చారు. పొట్ట బిగిసి, వాంతులై, గ్యాస్ కూడా పోకపోతే విరేచన మందు ఏదీ వేయకుండా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళండి.