ఆప్షన్స్ లెవెల్ పెంచమంటే బ్రోకర్ కాదన్నాడా? తప్పు ఫామ్‌లో ఉందా, లేఖలో ఉందా చూసుకోండి

మా తమ్ముడు డల్లాస్‌లో ఉంటాడు, నేను బెంగళూరు మారతహళ్లిలో. మొన్నామధ్య పొద్దున్నే, ఇంకా పాలప్యాకెట్ కూడా రాకముందే ఫోన్ చేశాడు. "అక్కా, స్ప్రెడ్స్‌కి అప్లై చేస్తే నిమిషంలో రిజెక్ట్ కొట్టారు, కారణం కూడా చెప్పలేదు." అమెరికా వెళ్లకముందు ఇదే ఊళ్లో నాలుగేళ్లు నిఫ్టీ ఆప్షన్స్ చేశాడు, అందుకే అంత కోపం. ఇక్కడైతే జీతం స్లిప్పో ఆరు నెలల బ్యాంక్ స్టేట్‌మెంటో ఇచ్చి ఎఫ్ అండ్ ఓ తెరిపించుకుంటే చాలు, మార్జిన్ డబ్బు ఉన్నంతవరకు కొనొచ్చు, అమ్మొచ్చు. అక్కడ లెవెల్స్ అనే మెట్లుంటాయి. నంబర్లు ఒక్కో బ్రోకర్ దగ్గర ఒక్కోలా ఉన్నా వరస దాదాపు ఒకటే: ముందు చేతిలో షేర్లుంచుకుని కాల్ అమ్మే కవర్డ్ కాల్, షేర్లు కొనే డబ్బంతా పక్కన పెట్టి పుట్ అమ్మే క్యాష్ సెక్యూర్డ్ పుట్, తర్వాత కాల్, పుట్ కొనడం, ఆ పైన ఒకటి అమ్మి ఇంకొకటి కొనే స్ప్రెడ్స్, అన్నిటికన్నా పైన వెనక షేర్లో డబ్బో ఏ అడ్డూ లేకుండా అమ్మడం. నేను న్యూజెర్సీలో ఉన్న రోజుల్లో ఈ మూడో మెట్టు దగ్గరే రెండుసార్లు ఆగిపోయా కాబట్టి వాడి ఫామ్ తెరిచి చూపించమన్నా.

సమస్య: నిమిషంలో రిజెక్ట్, కారణం చెప్పరు

అంత తొందరగా కాదన్నారంటే, లెవెల్ అడుగుతూ మీరు లేఖ రాసినా ఎవరూ చదవలేదనే లెక్క, ఫామ్‌లోని జవాబులే మిమ్మల్ని ఆపేశాయి. అక్కడి బ్రోకర్ల మీద కన్నేసి ఉంచే సంస్థ ఫిన్రా, దాని నిబంధన 2360 ప్రకారం బ్రోకర్ మీ లక్ష్యం, ఆదాయం, ఉంటున్న ఇల్లు తీసేస్తే మిగిలే ఆస్తి, అందులో వెంటనే నగదయ్యేది ఎంత, వయసు, మీ మీద ఆధారపడినవాళ్లు, ఎన్నేళ్లుగా ఏ సైజులో ఎంత తరచుగా ట్రేడ్ చేశారు, ఇవన్నీ కనుక్కోవడానికి ప్రయత్నించాలి. మావాడు ఖాతా తెరిచిన రోజు హడావిడిలో లక్ష్యం దగ్గర "అసలు సొమ్ము కాపాడుకోవడం" అని, ఆప్షన్స్ అనుభవం దగ్గర "లేదు" అని టిక్ పెట్టి మర్చిపోయాడు. తర్వాత ఏడాదిన్నర అదే ఖాతాలో కవర్డ్ కాల్స్ అమ్మినా ప్రొఫైల్ మాత్రం పాతదే. పైగా అది క్యాష్ ఖాతా. స్ప్రెడ్‌కి మామూలుగా బ్రోకర్ అప్పిచ్చే మార్జిన్ ఖాతా కావాలి, అందులో మీ సొంత వాటాగా కనీసం 2,000 డాలర్ల ఈక్విటీ ఉండాలి, బ్రోకర్ అంతకన్నా ఎక్కువ కూడా అడగొచ్చు.

సరిచేయడం కష్టం కాదు, ముందు మార్జిన్‌కి అప్లై చేసి, తర్వాత ప్రొఫైల్‌ని ఇవాళ్టి నిజానికి తగ్గట్టు మార్చాలి. "నిజానికి" అన్న మాట గుర్తుంచుకోండి. లెవెల్ కోసం ఆదాయం పెంచి రాశారనుకోండి, రేపు నష్టపోయి "నాకు తగని లెవెల్ ఇచ్చారు" అని ఫిర్యాదు చేస్తే వాళ్లు తీసి చూపించేది మీరు నింపిన ఫామే.

(ఇది చదివి బెంగళూరు నుంచే, విదేశాలకు డబ్బు పంపుకోనిచ్చే ఆర్‌బీఐ పథకం ఎల్‌ఆర్‌ఎస్ కింద డబ్బు పంపి అక్కడ స్ప్రెడ్స్ చేద్దామనుకునేవాళ్లు ఆగండి. విదేశీ ఎక్స్ఛేంజీలకు మార్జిన్ కట్టడానికి ఆ దారిలో డబ్బు పంపడాన్ని ఆర్‌బీఐ ఒప్పుకోదు.)

సమస్య: లేఖ రాసినా "అనుభవం సరిపోదు" అంటారు

ఫామ్ సరిచేశాక మనిషి చూస్తాడు. ఒప్పుకునే అధికారం ఉన్నాయన్ని రిజిస్టర్డ్ ఆప్షన్స్ ప్రిన్సిపల్ అంటారు. మావాడు ఆయనకు రాసిన మొదటి లేఖ నిండా నిఫ్టీయే: ప్రతి గురువారం ఎక్స్‌పైరీ చేశా, ఇన్ని వందల లాట్లు చేశా, నెలకు ఇంత సంపాదించడం నా లక్ష్యం అని. ఈ లేఖ పనిచేయదు, ఎందుకో వాడికి చెప్పడానికే నాకు అరగంట పట్టింది.

నిఫ్టీ ఆప్షన్ యూరోపియన్ రకం, ఎక్స్‌పైరీ, అంటే గడువు ముగిసే రోజున తప్ప ఎవరూ ఎక్సర్‌సైజ్ చేయలేరు, అంటే తమ హక్కు వాడుకోలేరు, ఆ రోజు కూడా తేడా డబ్బుగానే చేతులు మారుతుంది. అమెరికాలో కంపెనీల షేర్ల మీద ఉండే ఆప్షన్లు అమెరికన్ రకం. మీరు అమ్మిన పుట్‌ని కొన్నవాడు ఏ రోజైనా ఎక్సర్‌సైజ్ చేయొచ్చు, అప్పుడు కాంట్రాక్టుకు 100 షేర్లు స్ట్రైక్, అంటే ముందే ఒప్పుకున్న ధరకు మీ నెత్తిన పడతాయి, దీన్నే అసైన్‌మెంట్ అంటారు. నాలుగేళ్ల నిఫ్టీలో ఒక్క రోజు కూడా ఎదురవని రిస్క్ ఇది. లేఖ చదివేవాడికి కావలసిందేమో సరిగ్గా ఇదే: ఇతనికి అసైన్‌మెంట్ అంటే తెలుసా, వచ్చిన రోజు ఏం చేస్తాడు?

వాడి అసలు అవసరం చిన్నది. 52 డాలర్ల దగ్గరున్న షేరు మీద 50 స్ట్రైక్ పుట్ అమ్మాలంటే క్యాష్ సెక్యూర్డ్‌లో 5,000 డాలర్లు ఇరుక్కుంటాయి. అదే 50 పుట్ అమ్మి, 45 పుట్ కొని, షేరుకు నికరంగా 1.20 ప్రీమియం తీసుకుంటే చేతికి 120 వస్తుంది, స్ట్రైక్‌ల తేడా 500 కాబట్టి పోతే 380 పోతుంది. కాగితం మీద అంతే. కానీ ఎక్స్‌పైరీ శుక్రవారం షేరు 47 దగ్గర ముగిసిందనుకోండి. 50 పుట్ అసైన్ అవుతుంది, షేర్లు 5,000కి మీకొస్తాయి, 45 పుట్ మాత్రం పనికిరాకుండా చచ్చిపోతుంది. సోమవారం 43 దగ్గర తెరుచుకుంటే షేర్ల మీద 700 నష్టం, ప్రీమియం 120 తీసేసినా 580. "గరిష్ఠ నష్టం 380" అని లేఖలో రాసి ఊరుకున్నవాడికి ఈ సంగతి తెలియదని చదివేవాడికి అక్కడే అర్థమవుతుంది.

అందుకని రెండో లేఖ ఇలా రాయించా. పంపింది ఇంగ్లిష్‌లోనే, సారం ఇది:

"నా ఖాతాకు స్ప్రెడ్స్ లెవెల్ ఇవ్వమని కోరుతున్నాను. మీ దగ్గరే 18 నెలల్లో 22 కవర్డ్ కాల్స్, 9 క్యాష్ సెక్యూర్డ్ పుట్స్ అమ్మాను, అన్నీ ఒక్కో కాంట్రాక్టే. రెండు పుట్స్ అసైన్ అయ్యాయి, షేర్లు తీసుకుని తర్వాత వాటి మీద కాల్స్ అమ్మాను. ఒకసారి డివిడెండ్ ముందురోజు కాల్ అసైన్ అయి షేర్లు పోయాయి. అంతకుముందు ఇండియాలో నాలుగేళ్లు ఇండెక్స్ ఆప్షన్స్ చేశాను, అక్కడ ముందస్తు అసైన్‌మెంట్ ఉండదని తెలుసు కాబట్టి దాన్ని పూర్తి అనుభవంగా చెప్పడం లేదు. 5 డాలర్ల వెడల్పు లోపు పుట్ స్ప్రెడ్స్, ఒకసారికి ఒక కాంట్రాక్టు చేయాలనుకుంటున్నాను. ఎక్స్‌పైరీ వారానికి ముందే మూసేస్తాను. మధ్యలో అసైన్ అయినా షేర్లు తీసుకోవడానికి ఖాతాలో 14,000 డాలర్ల నగదు ఉంది. అడ్డు లేకుండా ఆప్షన్స్ అమ్మే లెవెల్ నాకు అవసరం లేదు."

ఇండియా అనుభవం గురించి రాసిన వాక్యం తీసేద్దామన్నాడు, చులకనైపోతామని. నేనే ఉంచమన్నా. మిగతా లెక్కలన్నీ వాళ్ల స్టేట్‌మెంట్లలోనే ఉన్నాయి, సరిచూసుకోవడం వాళ్లకు రెండు నిమిషాల పని. ఆ చివరి వాక్యం కూడా ఊరికే రాయలేదు, ఏది అక్కర్లేదో చెబితే అడిగేది ఎంతవరకో తేలిపోతుంది. నెలకు ఇంత సంపాదించాలన్న మాట మాత్రం కొట్టేయించా.

సమస్య: లెవెల్ వచ్చింది, ఆర్డర్ పోవట్లేదు

మావాడికి లెవెల్ ఇచ్చారు, మొదటి ఆర్డర్ మాత్రం మళ్లీ రిజెక్ట్. కారణం సిల్లీ. 50 పుట్ అమ్మే ఆర్డర్ విడిగా ముందు పెట్టాడు. సిస్టమ్‌కి అది ఒంటరి పుట్‌లాగే కనిపిస్తుంది, వాడి లెవెల్‌లో అయితే మొత్తం 5,000 పక్కన పెట్టమంటుంది. ఆ రోజు ఖాతాలోని నగదులో చాలా భాగం వేరే పుట్ కింద ఇరుక్కుని ఉంది. రెండు పుట్‌లూ కలిపి ఒకే స్ప్రెడ్ ఆర్డర్‌గా, నికర క్రెడిట్ 1.20 లిమిట్ పెట్టి పంపమన్నా. మూసేటప్పుడూ అంతే, రెండూ కలిపే మూయాలి, లేదంటే అమ్మినదాన్ని ముందు తిరిగి కొనుక్కోవాలి. కొన్న 45 పుట్ ముందు అమ్మేస్తే మిగిలేది మళ్లీ ఆ ఒంటరి పుట్టే.