బారసాలలో తాతయ్య ఆశీస్సు – 3వ పాఠం: పేరు పట్టుకుని నాలుగు మాటలు

ఎప్పుడు లేవాలో పోయిన పాఠంలో చూశాం. పళ్ళెంలో పోసిన బియ్యం మీద తండ్రి ఉంగరంతో పేరు రాసి, బిడ్డ చెవిలో చెప్పాకే తాతయ్య మాట్లాడాలి. తొందరపడి పేరు ముందే బయటపెడితే ఆ తండ్రి ముచ్చట తీరదు. ఇక ఏం మాట్లాడాలో చూద్దాం.

విజయవాడలో నా స్నేహితుడు కూతురి బిడ్డ బారసాలకు రెండు పేజీలు రాసుకున్నాడు. ఒక పేజీ నిండా వచ్చే చుట్టాల పేర్లు, రెండో పేజీలో పాప పెద్ద డాక్టర్ కావాలన్న కోరిక. ఒక్క చుట్టం పేరు మరిచిపోతే ఏమవుతుందోనని టెన్షన్ కూడా. "పాప పేరు కృష్ణవేణి కదా, ఆ పేరు వింటే నీకు ఎవరు గుర్తొస్తారు?" అని అడిగాను. కాసేపు ఆగి "మా అమ్మ" అన్నాడు. ఆ కాగితాలు పక్కన పెట్టి మళ్ళీ ఇలా రాసుకున్నాం:

"అందరికీ నమస్కారం. బావగారూ, చెల్లెమ్మగారూ, మీ ఇంటి దీపం ఇది. మా ఇంట్లో ఇరవై ఒక్క రోజులు వెలిగింది. నా చిన్నప్పుడు మా అమ్మ తెల్లారకముందే కృష్ణకు వెళ్ళి ఇత్తడి బిందెతో నీళ్ళు తెచ్చేది. దారిలో దాహమన్నవాళ్ళకి పోసి, మిగిలిందే ఇంటికి. కృష్ణవేణి అనగానే నాకు ఆ బిందె చప్పుడు వినిపించింది. తల్లీ కృష్ణవేణీ, ముత్తవ్వ చెయ్యి నీకు రావాలి. అమ్మానాన్నల ఒడిలో చల్లగా పెరుగు. నిండు నూరేళ్ళు వర్ధిల్లు. దీర్ఘాయుష్మతీ భవ."

నిదానంగా చదివినా నిమిషం దాటదు. వియ్యాలవారికి మొదటి మాట దక్కింది. తల్లి తరఫు తాతయ్య ఇది మరిచిపోతే మనసుకి కష్టంగా ఉంటుంది. పేరు రెండుసార్లు వచ్చింది, కానీ రెండూ ఒకటి కావు. మొదటిసారి చుట్టాలకు చెబుతున్నాడు, రెండోసారి పాపనే పిలుస్తున్నాడు. "తల్లీ" అనే ముందు ఒక్క క్షణం ఆగి ఉయ్యాల వైపు తిరగాలి, గొంతు కూడా తగ్గించాలి. మా వాడు అక్కడే ఆగాడు. గొంతు పూడుకుపోయింది. తొందరపడకుండా పాప గుప్పిట్లో తన చూపుడువేలు పెట్టి, అది గట్టిగా పట్టుకున్నాక మిగతాది చెప్పాడు.

చివరి మాటలో పొరపాటు ఎక్కువగా జరుగుతుంది. మగబిడ్డకు "దీర్ఘాయుష్మాన్ భవ", ఆడపిల్లకు "దీర్ఘాయుష్మతీ భవ". అలవాటు కొద్దీ మొదటిది వచ్చేస్తుంది కాబట్టి దీన్నొక్కటి పైకి పదిసార్లు అనుకోండి. అక్షింతలు పాప ముఖం మీద చల్లకండి, కళ్ళల్లో పడతాయి. తలకు కాస్త పైన, గుడ్డ మీద నాలుగు గింజలు వదిలితే చాలు.

వచ్చే పాఠానికి మీ మనవడి పేరో మనవరాలి పేరో కాగితం మీద రాసి, దాని కింద మీ కళ్ళతో చూసిన ఒక్క సంగతి రాసి ఉంచండి. పేరుకు అర్థం రాయకండి.