మూలం పేరు ఇచ్చినా ‘కాపీ’ అని వచ్చిందా?

లక్షణం: వాక్యం చివర రచయిత పేరు, సంవత్సరం ఉన్నాయి. అయినా టీచర్ ఆ పేరా కింద గీత గీసి ‘కాపీ’ అని రాశారు.

ముందు చూడాల్సింది, ఎవరూ చూడనిది ఒకటుంది. మూలంలోని మాటలు ఉన్నవున్నట్టు దిగాయా? దిగితే కొటేషన్ గుర్తులు, పేజీ నంబరు పెట్టండి. బ్రాకెట్లో పేరు ఉన్నంత మాత్రాన అరువు మాటలు మీవైపోవు.

మాటలన్నీ మార్చినా గీత పడిందంటే అసలు దొంగ వాక్యం అస్థిపంజరం. పాఠ్యపుస్తకంలో ఇలా ఉందనుకోండి: “సన్నిహితులకు తెలిసిన సమాచారం మనకూ ముందే తెలిసి ఉంటుంది కాబట్టి, కొత్త ఉద్యోగాల కబురు ఎక్కువగా బలహీన బంధాల ద్వారా అందుతుంది.”

విద్యార్థి రాసింది: “దగ్గరివారి వద్దనున్న సమాచారం మనకు ముందుగానే ఎరుక కనుక, కొత్త కొలువుల వార్త అధికంగా దుర్బల సంబంధాల ద్వారా చేరుతుంది (గ్రానొవెటర్, 1973).”

కారణం ముందు, ఫలితం తర్వాత: వరుస అదే, మాటలకు పర్యాయపదాలు అతికించారంతే. పైగా మార్చాల్సింది వదిలేసి, మార్చకూడనిది మార్చారు. ‘బలహీన బంధాలు’ అంటే అరుదుగా కలిసే పరిచయాలు, సామాజిక శాస్త్రవేత్త గ్రానొవెటర్ సిద్ధాంతంలో పారిభాషిక పదం. అది ‘దుర్బల సంబంధాలు’ అయ్యేసరికి, చెడిపోయిన కాపురం గురించి చెబుతున్నట్టుంది.

పరిష్కారం: పుస్తకం మూసేయండి. పరిశోధనలో ఎవరిని అడిగారు, ఏమడిగారు, ఏం తేలింది, ఎందుకు? ఈ నాలుగింటికీ పొడి మాటల్లో జవాబులు రాసుకోండి. ఏదైనా రాయలేకపోతే అది మీకు అర్థం కాలేదన్నమాట, మళ్లీ చదవండి. పుస్తకం వాక్యం ‘ఎందుకు’తో మొదలైతే మీరు ‘ఎవరిని’తో మొదలుపెట్టండి:

“ఈమధ్యే ఉద్యోగం మారి, ఆ కబురు తెలిసినవారి ద్వారా అందుకున్న 54 మందిలో, వారానికి కనీసం రెండుసార్లు కలిసేవారి నుంచి విన్నది 16.7 శాతమే. అరుదుగా కలిసే పరిచయస్తులు వేరే వలయాల్లో తిరుగుతారు, మనకు తెలియని సంగతులు తెస్తారు. ‘బలహీన బంధాల’ బలం ఇదే (గ్రానొవెటర్, 1973).”

రాశాక పుస్తకం తెరిచి పోల్చండి. పారిభాషిక పదాలు, పేర్లు, అంకెలు తప్ప వరుసగా నాలుగైదు మాటలు కలిస్తే ఆ వాక్యాన్ని దిద్దకండి, కొట్టేసి కొత్తగా రాయండి. దిద్దితే పాత వరుసే తిరిగొస్తుంది. 54 మంది అన్న హద్దును కూడా జారనీయకండి. అది పోతే, ఒక చిన్న నమూనాలో తేలింది లోకమంతటికీ వర్తించే సూత్రమైపోతుంది.

ఇంకో చిక్కు: ఆ అంకెలు 1973 వ్యాసంలోవి. వ్యాసం తెరిచి చూసి ఉంటేనే బ్రాకెట్లో గ్రానొవెటర్ ఒక్కడే ఉండాలి. పాఠ్యపుస్తకంలో మాత్రమే చదివితే ‘గ్రానొవెటర్, 1973, ఉటంకించినది:’ అని రాసి పుస్తక రచయిత పేరు, సంవత్సరం చేర్చండి. మూలాలు చూపే ఏపీఏ పద్ధతిలో చివరి జాబితాలోకి వెళ్లేది మీరు చదివిన పుస్తకమే. పుస్తకం చేసిన పొరపాటు మీ వ్యాసంలోనూ కనిపిస్తే, మూలం చదవలేదని ఇట్టే తెలిసిపోతుంది.

మిగతావి అరుదు. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ రిపోర్టులో పోలిక శాతం పెరగడానికి గ్రంథసూచి, ప్రశ్నపత్రం మాటలే కారణమైతే వాటిని లెక్కలోంచి తీయించండి. మీ పాత అసైన్‌మెంట్ పేరాను మళ్లీ వాడాలంటే టీచర్‌ను ముందే అడగండి.